పండగ ప్రకటనలో క్రియ ఎవరిది? యువ నగర కొనుగోలుదారుల కోసం భాష ఎంపిక: ఒక పరిశీలన

పండగల కాలంలో నగర యువతను ఉద్దేశించి వెలువడే వాణిజ్య ప్రకటనల భాషను గురించిన చర్చ సాధారణంగా మూడు మార్గాల చుట్టూ తిరుగుతుంది. ప్రకటన తెలుగులో ఉండాలా, ఇంగ్లీషులో ఉండాలా, రెండూ కలిసిన మిశ్రభాషలో ఉండాలా అన్నది ప్రశ్న. తెలుగు అంటే ఆత్మీయత, ఇంగ్లీషు అంటే ఆధునికత, మిశ్రమం అంటే యౌవనం అనే సమీకరణాలు ఈ చర్చలో ముందుగానే సిద్ధంగా ఉంటాయి. ఈ సమీకరణాలు పదజాలాన్ని మాత్రమే చూస్తాయి, వాక్యాన్ని చూడవు. ప్రకటనలో ఎన్ని ఇంగ్లీషు మాటలున్నాయి అన్నదానికంటే, వాక్యాన్ని నడిపే క్రియ ఏ భాషది, ఆ క్రియ చదువరిని ఏ స్థానంలో నిలబెడుతుంది అన్నదే నిర్ణాయకమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదు నగరంలో బతుకమ్మ-దసరా రోజులకు ఒక వస్త్రదుకాణం చేసే ప్రచారాన్ని ఊహాత్మక నమూనాగా తీసుకుని ఈ ప్రతిపాదనను పరీక్షించడం జరిగింది. ఉదాహరణవాక్యాలన్నీ విశ్లేషణ కోసం రూపొందించినవే.

చట్రమూ అలంకారమూ

మిశ్రభాష అని ఒకే పేరుతో వ్యవహరించేది నిజానికి రెండు వేరువేరు నిర్మాణాలు. ఈ రెండు వాక్యాలను పోల్చి చూడవచ్చు.

"ఈ బతుకమ్మకి షాపింగ్ ఇప్పుడే మొదలుపెడదామా?"

"దిస్ బతుకమ్మ, గెట్ యువర్ పట్టుచీర లుక్!"

రెండింటిలోనూ తెలుగు మాటలున్నాయి, ఇంగ్లీషు మాటలున్నాయి. అయితే మొదటి వాక్యంలో 'షాపింగ్' అనే ఒక్క నామవాచకం తప్ప తక్కినదంతా తెలుగు. పదక్రమం, 'కి' అనే విభక్తి ప్రత్యయం, క్రియాంతం, ప్రశ్నార్థక దీర్ఘం అన్నీ తెలుగువే. రెండో వాక్యంలో క్రియ, సర్వనామం, పదక్రమం ఇంగ్లీషువి. తెలుగుకు మిగిలినవి పండగ పేరు, చీర పేరు మాత్రమే. కేరల్ మైయర్స్-స్కాటన్ 1993లో ప్రకటించిన 'డ్యూయెలింగ్ లాంగ్వేజెస్' గ్రంథంలో ప్రతిపాదించిన సిద్ధాంతం ఈ భేదాన్ని గుర్తించడానికి ఉపకరిస్తుంది. ఆ సిద్ధాంతం ప్రకారం మిశ్రవాక్యంలో రెండు భాషలకూ సమాన ప్రతిపత్తి ఉండదు. ఒకటి వ్యాకరణ చట్రాన్ని సమకూర్చే ఆధారభాష. రెండోది ఆ చట్రంలో ఒదిగే నిక్షిప్తభాష.

తెలుగు ఆధారభాషగా ఉన్న మిశ్రమం కొత్తది కాదు. అన్యదేశ్యాలను స్వీకరించి వాటికి తన ప్రత్యయాలను చేర్చుకోవడం తెలుగు ఎప్పటి నుంచో చేస్తున్న పనే. దుకాణంలో వినిపించే 'ఆఫర్లు', 'ట్రయల్ చేస్తాను', 'బిల్లులో', 'సైజుకి' వంటి రూపాలు ఆ కోవలోవే. 'ఆషాఢం సేల్' అనే మాట దీనికి చక్కని ఉదాహరణ. ఆషాఢమాసంలో వివాహాది శుభకార్యాలు జరపకపోవడం ఆచారం కనుక బట్టల వ్యాపారం మందగించేది; ఆ మందకొడి నెలనే వ్యాపారులు తగ్గింపు ధరల నెలగా మార్చుకున్నారు. ఇక్కడ విశేషణం తెలుగువారి పంచాంగం నుంచి వచ్చింది, విశేష్యం ఇంగ్లీషు నుంచి వచ్చింది. ఇంగ్లీషు మాట ఉన్నప్పటికీ, తెలుగు ఆచారం తెలియనివారికి ఈ సమాసం అర్థం కాదు.

ఇంగ్లీషు ఆధారభాషగా ఉన్న మిశ్రమంలో తెలుగు పని వేరు. అక్కడ తెలుగు మాట అర్థాన్ని నడపదు. పండగ వాతావరణాన్ని సూచించే గుర్తుగా మాత్రమే నిలుస్తుంది. దీనిని గుర్తుపట్టడం సులభం. వాక్యంలోని తెలుగు నామవాచకాన్ని తీసి మరో ప్రాంతపు పండగ పేరును పెట్టి చూడాలి. "దిస్ ఓణం", "దిస్ పొంగల్" అన్నా పై రెండో వాక్యం చెక్కుచెదరదు. అంటే దానిని బతుకమ్మ కోసం రాయలేదు. ఏ పండగకైనా సరిపోయే అచ్చులో బతుకమ్మ పేరును పోశారు. ఈ పద్ధతి ఖర్చును తగ్గిస్తుందన్నది నిజమే. కానీ దానిని తెలుగు యువతకోసం చేసిన ఎంపికగా భావించడం పొరపాటు. ఇది మిశ్రభాష వేషంలో ఉన్న ఇంగ్లీషు ప్రకటన.

సంబోధన అనే చిక్కు

తెలుగు చట్రాన్ని ఎంచుకున్న రచయితకు వెంటనే ఎదురయ్యే చిక్కు సంబోధన. ఇంగ్లీషులో మధ్యమ పురుషకు ఒకే సర్వనామం. అది వయసునూ హోదానూ చనువునూ బయటపెట్టదు. తెలుగులో ఆజ్ఞార్థక క్రియ వాడిన క్షణంలోనే సంబంధం తేలిపోతుంది. ఇరవై రెండేళ్ళ యువతిని ఉద్దేశించి "తీసుకో" అంటే దుకాణం ఆమెకు స్నేహితురాలో పెద్దదిక్కో అయిపోతుంది. "తీసుకోండి" అంటే దుకాణదారు కొనుగోలుదారుతో మాట్లాడినట్టు మర్యాదగానే ఉంటుంది కానీ, యువతకు దగ్గర కావాలన్న ప్రచార లక్ష్యానికి ఆ మర్యాదే దూరమవుతుంది. ఇంగ్లీషు వైపు మొగ్గడానికి ఆధునికత మోజు ఒక్కటే కారణం కాకపోవచ్చు. నువ్వు, మీరు అనే రెండింటి మధ్య తేల్చుకోవలసిన అవసరాన్ని ఇంగ్లీషు తప్పిస్తుంది.

ఈ చిక్కు నుంచి బయటపడటానికి కొందరు యువకుల పరస్పర సంభాషణను అనుకరిస్తారు. 'మామా', 'రా' వంటి పిలుపులు, 'బ్రో' వంటి అరువు మాటలు ప్రకటనల్లోకి వచ్చేది ఈ దారినే. జాన్ గంపెర్జ్ 'డిస్కోర్స్ స్ట్రాటజీస్' (1982) గ్రంథంలో 'మన భాష', 'వారి భాష' అనే విభజన చేశాడు. ఒక సమూహంలోని వారు తమలో తాము వాడుకునే భాషారూపం వారి మధ్య సాన్నిహిత్యానికి గుర్తు. ఆ రూపాన్ని బయటివారు, అందులోనూ అమ్మకందారు వాడినప్పుడు సాన్నిహిత్యం సంక్రమించదు, అనుకరణే కనిపిస్తుంది. స్నేహితుడు 'రా' అంటే చనువు. పరిచయం లేని దుకాణం గోడమీద నుంచి 'రా' అంటే అమర్యాద.

తెలుగు వ్యాకరణంలో ఇంగ్లీషుకు లేని మరో సాధనం ఉంది. మేము, మనం అనే భేదం వల్ల వినేవారిని కలుపుకుని మాట్లాడటం తెలుగులో స్పష్టంగా సాధ్యమవుతుంది. 'వెళ్దాం', 'కొందాం' వంటి రూపాలలో గౌరవభేదం లేదు. అందువల్ల నువ్వు, మీరు మధ్య చిక్కును ఇవి సహజంగానే తప్పిస్తాయి. అయితే ఇక్కడ ఒక పరిమితి ఉంది. 'మనం' అన్నప్పుడు మాట్లాడేవారు కూడా ఆ పని చేసేవారిలో ఒకరై ఉండాలి. "ఈ బతుకమ్మకు కొత్తచీర కట్టుకుందాం" అని స్నేహితురాలి పాత్ర రేడియోలో అంటే వాక్యం నమ్మదగినదే. అదే వాక్యం దుకాణం పేరు కింద పెద్ద బోర్డుమీద ఉంటే, చీర కట్టుకునే 'మనం'లో దుకాణం ఎక్కడుందన్న ప్రశ్న వస్తుంది.

సంస్థ ఎవరన్నదాన్ని బట్టి భాష ప్రభావం మారుతుందనడానికి పరిశోధనాధారం ఉంది. ఆరాధ్నా కృష్ణ, రోహిణీ అహ్లూవాలియా భారతదేశంలో హిందీ-ఇంగ్లీషు ద్విభాషులపై చేసిన అధ్యయనం 2008లో 'జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రిసెర్చ్'లో వెలువడింది. ప్రకటన భాష ఎంపిక బహుళజాతి సంస్థల విషయంలో ప్రభావం చూపిందనీ, స్వదేశీ సంస్థల విషయంలో అటువంటి తేడా కనిపించలేదనీ వారు తేల్చారు. బహుళజాతి సంస్థల ప్రకటనల్లో విలాసవస్తువులకు ఇంగ్లీషు, నిత్యావసర వస్తువులకు స్థానికభాష అనుకూలించాయని కూడా చూపారు. ఈ ఫలితాన్ని తెలుగుకు యథాతథంగా అన్వయించలేం. కానీ అది లేవనెత్తే ప్రశ్న పండగ బట్టల విషయంలో ఆసక్తికరమైనది. పండగ చీర విలాసమా, అవసరమా? కొత్తబట్ట లేకుండా పండగ లేదనే ఆచారం దానిని అవసరంగా చూస్తుంది. నగల దగ్గర, అద్దం దగ్గర అది విలాసం. యువ కొనుగోలుదారు ఈ రెండింటి మధ్య నిలబడి ఉంటుంది కనుకనే రచయిత ఒక భాషవైపు పూర్తిగా ఒరగడానికి వెనుకాడతాడు.

మాండలికం నుంచి పారిపోవడం

సంబోధన తరువాత తెలుగు క్రియ బయటపెట్టే రెండో విషయం ప్రాంతం. 'ఆఫర్', 'డిస్కౌంట్', 'కలెక్షన్' అనే మాటలు వరంగల్లులో ఎలా ఉంటాయో విశాఖపట్నంలోనూ అలాగే ఉంటాయి. కానీ వాటి వెంట వచ్చే క్రియ అలా ఉండదు. 'వస్తున్నారు', 'వస్తున్నరు' అనే రెండు రూపాల మధ్య ఒక్క దీర్ఘం తేడాయే మాట్లాడేవారి ప్రాంతాన్ని చెప్పేస్తుంది. రెండు రాష్ట్రాలకూ ఒకే ప్రకటన సరిపెట్టాలనుకునే సంస్థకు ఇంగ్లీషు నామవాచకం మాండలిక వివాదం లేని తటస్థ స్థలంగా కనిపిస్తుంది.

పత్రికాభాషగా స్థిరపడిన 'ప్రమాణ' తెలుగును వాడితే సమస్య తీరుతుందన్న వాదం హైదరాబాదులో చెల్లదు. ఆ ప్రమాణరూపానికి కోస్తా జిల్లాల శిష్టవ్యవహారం ఆధారం. సంక్రాంతికి విజయవాడలో అది ఎవరి దృష్టినీ ప్రత్యేకంగా ఆకర్షించదు. బతుకమ్మకు హైదరాబాదులో మాత్రం, ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిదిరోజుల తెలంగాణ పండగను తెలంగాణేతర రూపంలో పలకరించినట్టవుతుంది. అలాగని ప్రకటన మొత్తాన్ని మాండలికంలో రాయడమూ ప్రమాదమే. ఇంట్లో మాండలికం, కళాశాలలో ఇంగ్లీషు, వీధిలో దక్కనీ, హిందీ మాట్లాడే నగర యువతకు మాండలికం సహజమైనదే. కానీ ప్రకటనల్లో దానిని హాస్యం కోసమే వాడినంతకాలం దానిని చూసినప్పుడు మొదట గుర్తుకు వచ్చేది హాస్యపాత్రే.

ఇక ఇంగ్లీషు మాధ్యమంలో చదువుకున్నవారిలో తెలుగు ధారాళంగా మాట్లాడుతూ, లిపిని మాత్రం తడబడుతూ చదివేవారున్నారు. కాబట్టి భాష ఎంపిక, లిపి ఎంపిక వేరువేరు నిర్ణయాలు. రేడియోలో పూర్తి తెలుగు వాక్యానికి అడ్డేమీ లేదు. వేగంగా సాగే వాహనం నుంచి చూసే బోర్డుమీద అదే వాక్యం పొడవుగా ఉన్నా, కింద వత్తులు ఇరుకైనా చదవడం పూర్తికాదు.

నమూనా: ఒక వాక్యం కోసం వెతుకులాట

ఇప్పుడు నమూనా ప్రచారాన్ని చూద్దాం. హైదరాబాదులోని ఒక వస్త్రదుకాణం ఇరవై నుంచి ముప్పై ఏళ్ళ వయసు యువతులను ఉద్దేశించి బతుకమ్మకు చీరల ప్రచారం చేయాలి. వారిలో అధికులు రోజూ చీర కట్టరు. ఇంగ్లీషు రూపం ఇలా ఉంటుంది: "సెలబ్రేట్ బతుకమ్మ ఇన్ స్టైల్." సంబోధన చిక్కు లేదు, మాండలికం లేదు, బతుకమ్మకు ప్రత్యేకమైనదేదీ కూడా లేదు. తెలుగు రూపం ఇలా వస్తుంది: "ఈ బతుకమ్మను నూతన వస్త్రాలతో ఆనందంగా జరుపుకోండి." ఇందులో ఇంగ్లీషు మాట ఒక్కటీ లేదు. అయినా ఇది ఇంగ్లీషు వాక్యానికి నీడే. 'నూతన వస్త్రాలు' అని దుకాణంలో ఎవరూ అడగరు. 'పండగను జరుపుకోవడం' శుభాకాంక్షల పత్రంలో కనిపించే మాట. ఇంట్లో పండగ 'చేసుకుంటారు', బతుకమ్మ 'ఆడతారు'. పదాలు తెలుగువైనంత మాత్రాన వాక్యం తెలుగుది కాదనడానికి ఇది నిదర్శనం.

మరి తెలుగు చట్రం ఇవ్వగలిగినదేమిటి? దీనికి సమాధానం ధరించడాన్ని తెలిపే క్రియలలో దొరుకుతుంది. ఇంగ్లీషులో ఏది ధరించినా దాదాపు ఒకే క్రియ సరిపోతుంది. తెలుగులో చీర కట్టుకుంటారు, కుర్తా వేసుకుంటారు, నగలు పెట్టుకుంటారు. ఒంటికి చుట్టి బిగించేదానికీ తొడిగేదానికీ తెలుగు వేరువేరు క్రియలను వాడుతుంది. నగర యువతి జీవితంలో ఈ రెండు క్రియల మధ్య తేడాయే రోజువారీ జీవితానికీ పండగకూ మధ్య తేడా. దాని ఆధారంగా ఈ వాక్యాన్ని నిర్మించవచ్చు:

"రోజూ వేసుకునేవి వేరు, బతుకమ్మకు కట్టుకునేది వేరు."

ఈ వాక్యం పై విభాగాలలో చూసిన చిక్కులను తప్పించే తీరు గమనించదగినది. 'వేసుకునేవి', 'కట్టుకునేది' అనేవి క్రియాజన్య విశేషణాల నుంచి ఏర్పడిన నామాలు. వాటిలో నువ్వు, మీరు అన్న భేదం కనిపించదు. పురుషబోధక ప్రత్యయమే లేదు. సమాపక క్రియ లేనందువల్ల మాండలిక ముద్ర కూడా పలుచబడుతుంది. కావాలంటే 'వేరు'ను 'వేరే'గా మార్చి హైదరాబాదు పలుకుబడికి మరింత దగ్గర చేయవచ్చు. ఆజ్ఞాపించడం లేదు, లేని స్నేహాన్ని నటించడమూ లేదు. చదువరికి తెలిసిన విషయాన్నే ఆమె ముందు పెట్టడం మాత్రమే ఉంది. చీర అనే మాట లేకుండానే 'కట్టుకునేది' అనగానే చీర అని అర్థమవుతుంది. ఇదే వాక్యాన్ని ఇంగ్లీషులోకి మారిస్తే రెండు క్రియలూ ఒకటైపోయి విషయమే మిగలదు. పంచె కూడా కట్టుకునేదే కనుక యువకుల కోసం చేసే ప్రకటనకూ ఈ నిర్మాణం పనికివస్తుంది.

దీని హద్దు కూడా స్పష్టమే. ఇదే పండగకు మొబైల్ ఫోను అమ్మవలసి వస్తే ఈ సాధనం పనిచేయదు. అక్కడ 'ఎక్స్చేంజ్', 'ఈఎమ్ఐ' అనే మాటలకు బదులు కొత్త తెలుగు మాటలు కల్పిస్తే కొనేవారికి అర్థం కాదు. అరువు మాట ఉండాలా వద్దా అన్నదానికి దుకాణపు బల్ల దగ్గరి మాటే కొలమానం. కొనుగోలుదారు అక్కడ ఏ మాటతో అడుగుతారో ఆ మాట ప్రకటనలో ఉండాలి, దాని చుట్టూ తెలుగు చట్రం ఉండాలి. 'డిస్కౌంట్ ఉందా' అని అడిగేవారికి 'డిస్కౌంట్' అనడం సహజం. 'మూడు వందలు తగ్గించండి' అనేవారికి 'తగ్గింపు' అనడం అంతే సహజం.

వాగ్దానం ఒక భాషలో, షరతు మరో భాషలో

ఇంతవరకు చూసినది ఆకర్షణకు సంబంధించిన భాష. మిశ్రభాష వల్ల చదువరికి నిజమైన నష్టం జరిగేది మరోచోట. ప్రకటనలోని వాక్యాలన్నీ ఒకే పని చేయవు. కొన్ని పిలుస్తాయి, కొన్ని వాగ్దానం చేస్తాయి, కొన్ని షరతు విధిస్తాయి. పిలుపు తెలుగులో, వాగ్దానం మిశ్రభాషలో, షరతు చిన్న అక్షరాల ఇంగ్లీషులో ఉన్నప్పుడు భాషామార్పిడి శైలీవిషయంగా మిగలదు. సమాచారాన్ని దాచే పద్ధతిగా మారుతుంది.

'అప్ టు 40 పర్సెంట్ ఆఫ్' అనే పదబంధాన్ని పరిశీలిద్దాం. ఇంగ్లీషులో పరిమితిని తెలిపే మాట అంకెకు ముందు వస్తుంది. దానిని చిన్నగా అచ్చువేసి అంకెను పెద్దది చేస్తే చూపు నేరుగా అంకె దగ్గరికి పోతుంది. తెలుగులో పరిమితి అంకె తరువాత వస్తుంది: '40 శాతం వరకు తగ్గింపు'. 'వరకు' అనేది 'శాతం', 'తగ్గింపు' మధ్య ఇరుక్కుని ఉంటుంది కనుక చదువుతూ పోయేవారు దానిని దాటుకునే వెళ్ళాలి. అందుకని తెలుగులో మోసానికి చోటు లేదనలేం. 'వరకు'నూ చిన్న అక్షరాలలో వేయవచ్చు. కానీ గట్టిగా చదివినప్పుడు, రేడియోలో విన్నప్పుడు తెలుగు పదక్రమం పరిమితిని వాగ్దానం నుంచి విడదీయనివ్వదు.

వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో జారీ చేసిన మార్గదర్శకాలు ఈ సందర్భంలో ప్రస్తావించదగినవి. ప్రకటనలోని వివరణ షరతు, వాగ్దానం ఏ భాషలో ఉందో అదే భాషలో ఉండాలని అవి నిర్దేశిస్తున్నాయి. ఈ నియమం ఒక భాషలో రాసిన ప్రకటనకు స్పష్టంగా వర్తిస్తుంది. వాగ్దానమే మిశ్రభాషలో ఉన్నప్పుడు 'అదే భాష' ఏది? 'అన్ని చీరలపై ఫ్లాట్ 40 ఆఫ్' అనే వాక్యంలో ఇంగ్లీషు మాటలు ఉన్నాయి కనుక షరతును ఇంగ్లీషులో పెట్టవచ్చని ఒక సంస్థ వాదించవచ్చు. ఇక్కడ ఆధారభాషా భావన సాహిత్య విమర్శను దాటి ఆచరణలో పనికివస్తుంది. ఆ వాక్యానికి పదక్రమం తెలుగుది, 'పై' అనే ప్రత్యయం తెలుగుది. చట్రం తెలుగుది కనుక షరతు కూడా తెలుగులోనే ఉండాలనడం సమంజసం. "షరతులు వర్తిస్తాయి" అన్న రెండు మాటలతో ఆ బాధ్యత తీరదు. 'కనీసం మూడు వేల రూపాయలు కొన్నవారికి', 'పట్టుచీరలకు వర్తించదు' అన్న అసలు షరతును వాగ్దానంతో పాటే, అదే చట్రంలో చెప్పాలి.

ముగింపు

తెలుగు, ఇంగ్లీషు, మిశ్రభాష అనే మూడింటిలో ఒకదానిని ప్రచారం మొత్తానికి ఎంచుకోవాలనడం సరైన ప్రశ్న కాదు. ప్రతి వాక్యానికీ చట్రం ఏ భాషదో, ఆ వాక్యం చేసే పని ఏమిటో చూడాలి. పిలుపులో తెలుగు చట్రం ఉంటే సంబోధన, మాండలికం అనే రెండు చిక్కులూ ఎదురవుతాయి. వాటిని ఇంగ్లీషులోకి తప్పుకోకుండానే, క్రియాజన్య నామాల వంటి తెలుగు నిర్మాణాలతో పరిష్కరించవచ్చునని నమూనా చూపింది. వస్తువుల పేర్లలో, అమ్మకపు పద్ధతుల పేర్లలో కొనుగోలుదారు వాడే అరువు మాటలు ఉండటం దోషం కాదు. వాగ్దానం, షరతు మాత్రం ఒకే చట్రంలో ఉండి తీరాలి.

ఈ పరిశీలన వాక్యాల నిర్మాణానికి పరిమితమైనది. ఏ వాక్యం ఎన్ని చీరలను అమ్ముతుందో ఇది నిర్ణయించదు. హిందీ-ఇంగ్లీషు ద్విభాషుల ప్రతిస్పందనలపై జరిగినటువంటి అధ్యయనాన్ని తెలుగు యువతతో చేయవలసి ఉంది. అటువంటి అధ్యయనం చేపట్టినప్పుడు 'మిశ్రభాష' అనే ఒకే వర్గానికి బదులు తెలుగు చట్రంలోని మిశ్రమాన్నీ, ఇంగ్లీషు చట్రంలోని మిశ్రమాన్నీ వేరువేరుగా పరీక్షించాలి. ఆ రెండింటినీ ఒకటిగా లెక్కిస్తే, "ఆషాఢం సేల్"కూ "గెట్ యువర్ పట్టుచీర లుక్"కూ తేడా లేదని తేలుతుంది. దుకాణానికి వెళ్ళే ఏ తెలుగువారూ ఆ ఫలితాన్ని అంగీకరించరు.